కిరాణా కొట్టు లెక్కకు గూగుల్ షీట్: రెండేళ్లు వాడాక

మా కిరాణా కొట్టు లెక్క రెండేళ్లుగా ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లోనే నడుస్తోంది. మూడో వరుస నుంచి రోజుకో వరుస. A లో తేదీ, B నగదు, C ఫోన్‌పే, D అరువు, E కొన్న సరుకు, F ఖర్చులు, G ఆ రోజు అమ్మకం, H లాభం.

మొదట్లో లాభానికి అమ్మకంలోంచి సరుకును, ఖర్చులను తీసేసేవాణ్ణి. ఒక రోజు 9,400 అమ్మి, హోల్‌సేల్‌లో 22,000 సరుకు తెచ్చాం, ఆటో ఖర్చు 300. షీట్ 12,900 నష్టం చూపించింది. అమ్మ కంగారుపడింది. తెచ్చిన సరుకు అరల్లోనే ఉంది కదా, నష్టం ఎక్కడిది? అందుకే రోజు లాభం ఇప్పుడు అంచనాగానే వేస్తాను. సగటు మార్జిన్ 12 శాతం అనుకుని, J1 గడిలో 12% అని పెట్టాను.

```
G3: =SUM(B3:D3)
H3: =G3*$J$1-F3
G1: =SUM(G3:G)
```

ఆ రోజుకి ఇది 828 లాభం చూపిస్తుంది. డాలర్ గుర్తులు మర్చిపోతే, ఫార్ములాను కిందికి లాగినప్పుడు J1 కాస్తా J2 అవుతుంది, మార్జిన్ మాయమవుతుంది. మొత్తాన్ని పైన పెట్టడానికి కారణం, కింద ఎన్ని వరుసలు చేరినా అది వాటిని కలుపుకుంటుంది.

అసలు లాభం నెలాఖరున సరుకు లెక్కపెడితేనే తెలుస్తుంది. ఒక నెల మొదట్లో కొట్లో 1,50,000 సరుకుంది, 2,60,000 కొన్నాం, చివర్లో 1,62,000 మిగిలింది. అంటే అమ్ముడుపోయిన సరుకు కొన్న ధర 2,48,000. అమ్మకం 2,80,000, ఖర్చులు 14,000, లాభం 18,000. రోజువారీ అంచనాల మొత్తం 19,600 వచ్చింది. మార్జిన్ నిజానికి 11.4 శాతమే, 12 కాదు. ఆ ఒక్క గడి మారిస్తే అన్ని రోజులూ సర్దుకున్నాయి. పాత నెలలకూ కొత్త శాతమే పడకూడదని నెలకో షీట్ వేరుగా పెట్టుకున్నాను.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం '450/-'. అమ్మకు అలా రాయడం అలవాటు. అలా కొడితే షీట్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటుంది, SUM చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అదే =B3+C3+D3 అని రాసుంటే #VALUE! అని అరిచేది. కనిపెట్టడం తేలికే: అంకెలు గడిలో కుడివైపు ఆనుతాయి, ఇది ఎడమవైపు ఉంటుంది.

షీట్‌కి చేతకాని పని ఒకటుంది. పాత బాకీ ఎవరైనా తెచ్చి ఇస్తే, అమ్మ దాన్ని నగదు గడిలో వేసేది. అరువిచ్చిన రోజే అది అమ్మకంలో పడింది కాబట్టి రెండుసార్లు లెక్కయ్యేది. ఏ ఫార్ములా దీన్ని పట్టుకోలేదు. వసూళ్లు ఇప్పటికీ గల్లాపెట్టె పక్కనున్న ఎర్ర అట్ట పుస్తకంలోనే రాస్తున్నాం.