ఐదు నిమిషాల పిచ్: కథ ముందా, అడిగేది ముందా?

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు డాక్యుమెంటరీలు తీస్తున్న కుర్రాళ్లు ఈ మధ్య నన్ను తరచూ అడిగేది ఇదే: "అన్నా, కో-ప్రొడ్యూసర్ కోసం పిచింగ్ ఫోరంకి వెళ్తున్నాం. ఐదు నిమిషాలే ఇస్తారంట. కథ ముందు చెప్పాలా, మాకేం కావాలో ముందు చెప్పాలా?" పిచింగ్ ఫోరం అంటే నిర్మాతలు, ఛానెళ్ల వాళ్ల ముందు మన సినిమా గురించి చెప్పి డబ్బు అడిగే వేదిక.

ఒక సినిమాను ఉదాహరణగా తీసుకుందాం. కరవది దగ్గర ఒంగోలు గిత్తలను పెంచి, బండలాగుడు పోటీలకు తీసుకెళ్లే రైతు కుటుంబం మీద సినిమా. ఈ జాతినే బ్రెజిల్‌లో నెలోర్ అంటారు, అక్కడి మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఇదే. 1960ల్లో కరవది గిత్త ఒకటి అక్కడికి వెళ్లి బాగా పేరు తెచ్చుకుంది. సినిమా సగం ఇక్కడ, సగం బ్రెజిల్ పశువుల క్షేత్రంలో జరుగుతుంది. కాబట్టి బ్రెజిల్ కో-ప్రొడ్యూసర్ కావాలి.

మనవాళ్లు ఎక్కువమంది రాసేది కథ ముందున్న ప్రసంగం. తెల్లవారకముందే రైతు గిత్తకు నీళ్లు పోయడంతో మొదలుపెడతారు. తర్వాత జాతి చరిత్ర, ట్రైలర్, దర్శకుడి ఆలోచన వరుసగా వస్తాయి. బడ్జెట్ చివరి ఇరవై సెకన్లలో. హాలు నిశ్శబ్దంగా వింటుంది, అది నిజమే. కానీ చాలా చోట్ల ట్రైలర్ సమయం కూడా ఆ ఐదు నిమిషాల్లోదే. ఫైల్ మొదలవడం కొంచెం ఆలస్యమైనా, చరిత్ర రెండు వాక్యాలు పెరిగినా, గంట కొట్టేసరికి తెగిపోయేది చివర పెట్టుకున్న బడ్జెట్టే. అలా తెగిందో లేదో ప్యానెల్ వేసే మొదటి ప్రశ్నతోనే తెలిసిపోతుంది. "ఇంతకీ మా నుంచి మీకేం కావాలి?" అని అడిగారంటే, ప్రశ్నల కోసం ఇచ్చిన కాస్త సమయం కూడా దానికే పోతుంది.

అడిగేది ముందు పెడితే ఈ ఇబ్బంది ఉండదు. లెక్క కోసం మొత్తం ఖర్చు 90 లక్షలు, చేతిలో ఉన్నది 30 లక్షలు, బ్రెజిల్ నుంచి కావాల్సింది 35 లక్షలు, మిగతాది టీవీ ఛానెళ్లకు ముందస్తు అమ్మకాల నుంచి అనుకోండి. మొదటి నిమిషంలోనే అంతా తేలిపోతుంది. కానీ ఆ గిత్త ముఖం కూడా చూడకముందే అంకెలు వింటే ఎవరికీ గుర్తుండవు.

నా దృష్టిలో ఈ తగువును తేల్చేది ఇంకొకటుంది. కో-ప్రొడ్యూసర్ సాధారణంగా తన జేబులోంచి డబ్బు పెట్టడు. తన దేశానికి వెళ్లి, సినిమాలకు డబ్బిచ్చే అక్కడి ఫండ్‌కు అర్జీ పెట్టుకుంటాడు. ఆ ఫండ్ వాళ్లు అతన్ని అడిగే మొదటి మాట, "ఇందులో మన దేశం వాటా ఏమిటి?" అని. పూర్తయ్యాక ప్రసార హక్కులు కొనుక్కునే ఛానెల్ మనిషికి ఈ బాధ లేదు. ఫోరంలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు కాబట్టి మనవాళ్లు ఇద్దరికీ కలిపి ఒకే ప్రసంగం రాస్తారు. ఛానెల్ మనిషికి నిడివి, ఎప్పటికి పూర్తవుతుంది అనే రెండు ముక్కలు చాలు. కో-ప్రొడ్యూసర్‌కు మాత్రం ఇంటికెళ్లి తన ఫండ్‌కు చెప్పుకోవడానికి మాటలు కావాలి, వాటిని మనమే అందించాలి.

అందుకే నేనైతే కథతోనే మొదలుపెట్టమంటాను. కానీ అర నిమిషమే. వెంటనే, ట్రైలర్‌కు ముందే, ఇలా చెప్పమంటాను: "ఈ గిత్తల వంశం ఇప్పుడు బ్రెజిల్‌లో ఉంది. సినిమాలో సగం అక్కడే తీయాలి. అక్కడి షూటింగ్, అక్కడి కెమెరామన్, చివరి సౌండ్ మిక్సింగ్ బ్రెజిల్ భాగస్వామి చేతుల్లో ఉండాలని మా కోరిక. దానికి 35 లక్షలు కావాలి. బదులుగా దక్షిణ అమెరికా హక్కులు, లాభంలో వాటా ఇస్తాం." ఇది విన్నాక ట్రైలర్ వేస్తే, ఆ నిర్మాత తను తీయబోయే సగం ఎక్కడ అతుకుతుందో వెతుక్కుంటూ చూస్తాడు. అదే మాట ట్రైలర్ తర్వాత చెబితే, అప్పటిదాకా అతను ప్రేక్షకుడే. ట్రైలర్ అయ్యాక ఇప్పటికి ఎంత తీశాం, రైతు కుటుంబంతో ఒప్పందం ఉందా, ఎప్పటికి పూర్తవుతుంది అన్నవి చెప్పాలి. మధ్యలో గంట కొట్టినా పోయేవి ఇవే, వీటిని ప్రశ్నల్లో రాబట్టుకుంటారు.

నేరుగా ట్రైలర్‌తో మొదలుపెట్టడం ఇంకో పద్ధతి. ట్రైలర్ చాలా గట్టిగా ఉంటేనే పనికొస్తుంది. స్లైడ్లు చూసి చదవడం గురించి చెప్పేదేమీ లేదు, వద్దు.

ట్రైలర్‌కు తొంభై సెకన్లు పోతే మాటలకు మిగిలేది మూడున్నర నిమిషాలు. ఇంగ్లీషులో తొందరపడకుండా చెబితే నాలుగు వందల యాభై పదాలకు మించి పట్టవు. టెన్షన్‌లో వేగం పెరుగుతుంది, ఫైల్ ఆలస్యం కావచ్చు కూడా, కాబట్టి నాలుగు వందలకే ఆపేయండి. ముందు తెలుగులో నోటితో చెప్పి రికార్డు చేసుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులో రాసుకుంటే వాక్యాలు పొట్టిగా వస్తాయి. ఇంకా ఎక్కువైతే ముందు జాతి చరిత్ర తీసేయండి. అది ప్రాజెక్టు ఫైల్లో ఎలాగూ ఉంటుంది.