పాత ప్రచురణకర్తే మళ్ళీ వేయాలా, హక్కులు తెచ్చుకుని మనమే వేసుకోవాలా?

మా చిన్నాన్న కథల పుస్తకం 2011లో వచ్చింది. డెమీ సైజు, 176 పేజీలు, వెయ్యి కాపీలు. నాలుగైదేళ్ళుగా ఎక్కడా దొరకడం లేదు. అమలాపురం బజారులో ఎవరో ఒకరు ఆపి "మాస్టారండీ, ఆ పుస్తకం ఒకటి ఇప్పించండి, ఆయ్" అంటారు, ఈయన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాపీని జెరాక్స్ తీయించి చేతిలో పెడతారు. ప్రచురణకర్తకి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకే మాట: "ఆర్డర్లు రానివ్వండి మాస్టారూ, వేద్దాం." వేయనని ఆయనా అనడు, వేస్తాడన్న నమ్మకం ఈయనకీ లేదు.

ఏది మేలో తేల్చుకునే ముందు బీరువాలోంచి అగ్రిమెంటు తీయించాను. రెండు పేజీలు, స్టేపుల్ పిన్ను తుప్పు పట్టి కాగితానికి మరక. "ప్రచురణ హక్కులు సంస్థకు ఇస్తున్నాను" అని ఉంది, రాయల్టీ పది శాతం అని ఉంది, ఎన్నేళ్ళకో మాత్రం ఎక్కడా లేదు. కథంతా ఆ లేకపోవడంలోనే ఉంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయని హక్కుల బదిలీ ఐదేళ్ళకే అని లెక్క. అంటే 2016లోనే హక్కులు చిన్నాన్నకి తిరిగొచ్చేశాయి, మనం ఇన్నాళ్ళూ బతిమాలుతున్నది మన వస్తువు కోసమే! (1995 మే 10కి ముందు రాసుకున్న ఒప్పందాలకి ఈ ఐదేళ్ళ లెక్క వర్తించదు, మీది పాత కాగితమైతే ముందు తేదీ చూసుకోండి.)

అదే కాగితంలో "కాపీరైట్ ఉన్నంతకాలం" అని ఉంటే సంగతి వేరు. రచయిత బతికున్నన్నాళ్ళూ, ఆ పైన అరవై ఏళ్ళూ అన్నమాట. ఏడాదిలోగా హక్కు వాడుకోకపోతే అది పోతుందనే నిబంధన కూడా అదే సెక్షన్‌లో ఉంది గానీ, ఒక్కసారి అచ్చు వేశాక దాన్ని పట్టుకుని వాదించడం కష్టం. హక్కుని తగినంతగా వాడుకోవడం లేదని ఫిర్యాదు చేసి బదిలీ రద్దు చేయించుకునే దారీ ఉంది, కానీ కథల పుస్తకం కోసం కోర్టు మెట్లెక్కితే వచ్చే రాయల్టీ బస్సు చార్జీలకి చాలదు. అలాంటప్పుడు మర్యాదగా అడిగి రాయించుకోవడమే గతి.

ఇక పోలిక. పాత ప్రచురణకర్తే వేస్తే మన చేతి డబ్బు పడదు. రెండు వందల ధర మీద పది శాతం అంటే కాపీకి ఇరవై. మనమే వేసుకుంటే ఎంత మిగులుతుందో చూద్దామని రేట్లు కనుక్కున్నాం. మాకు చెప్పింది ఆఫ్‌సెట్‌లో 500 కాపీలకి ఒక్కోటి 70, డిజిటల్‌లో వంద కాపీలకి ఒక్కోటి 110. షాపువాళ్ళు నలభై శాతం కమిషన్ తీసుకుంటే చేతికొచ్చేది 120. డిజిటల్ కాపీ షాపులో అమ్మితే పదే మిగులుతుంది, అంటే పాత ప్రచురణకర్త ఇచ్చే ఇరవైలో సగం! ఇది చూశాక చిన్నాన్న మొహంలో హుషారు తగ్గింది. కానీ ఇంటి దగ్గరే, సభల్లో, వాట్సాప్‌లో అడిగినవాళ్ళకి నేరుగా అమ్మితే కాపీకి తొంభై (కొరియర్ ఖర్చు కొనేవాళ్ళదే అనుకుంటే). వందలో అరవై నేరుగా, నలభై షాపుల్లో పోయినా 16,800 వస్తుంది, ఖర్చు 11,000. అంతా షాపుల ద్వారానే అమ్మే రచయితైతే సొంతంగా వేసుకోవద్దనే చెబుతాను.

మరి 500 ఆఫ్‌సెట్ చౌక కదా అంటే చౌకే, అన్నీ అమ్ముడుపోతే. 35,000 ముందే పెట్టాలి, షాపుల లెక్కన 292 కాపీలు పోతే గానీ అసలు రాదు. పైగా మా కోనసీమ ఇళ్ళలో వానాకాలం పుస్తకాల కట్టలు దాచడం ఓ యజ్ఞం. పోయినసారి ప్రచురణకర్త మిగిలిన 83 కాపీలు అచ్చు ఖర్చుకే ఇచ్చేస్తానంటే ఓ కట్ట తెప్పించి విప్పాం. అట్ట మీద లామినేషన్ బుడగలు లేచింది, అంచుల్లో పసుపు చుక్కలు, మధ్యలోకి తెరిస్తే వెన్ను దగ్గర జిగురు పటుక్కున విరిగింది. అమ్మే సరుకు కాదు, కొనలేదు. అందుకే వందేసి చొప్పున డిజిటల్‌కే నా ఓటు.

పాతవాళ్ళతోనే వేయిద్దాం అనుకుంటే ఒక్క షరతు మీద సరే: తేదీ ఉండాలి. "ఆర్డర్లు వస్తే" అన్నది తేదీ కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు అడిగినప్పుడు ఒక్కో కాపీ అచ్చువేసే పద్ధతి వచ్చాక, ఆన్‌లైన్‌లో పుస్తకం పేరు కనిపిస్తే చాలు "ప్రతులు ఉన్నాయి" అనేస్తారు. కొత్త ఒప్పందంలో "వరసగా పన్నెండు నెలల్లో యాభై కాపీల కన్నా తక్కువ అమ్ముడైతే ప్రతులు లేనట్టే, హక్కులు రచయితకి తిరిగొచ్చినట్టే" అని అంకె రాయించుకోవాలి.

హక్కులు చట్టప్రకారం మనవే అయినా ఉత్తరం మాత్రం తీసుకున్నాం. రేపు షాపువాడో ఆడియో యాప్ వాళ్ళో "పాత సంస్థది కదా" అని అడిగితే సెక్షన్ చదివి వినిపించలేం కదా. చిన్నాన్న పంపింది ఇంతే:

"మన 2011 ఒప్పందంలో కాలపరిమితి లేనందున హక్కులు 2016లో నాకు తిరిగివచ్చినట్లు భావిస్తున్నాను. దయచేసి ధ్రువీకరించండి. మీ దగ్గరున్న ప్రతుల సంఖ్య, ఈ పుస్తకంపై ఇతరులకు మీరిచ్చిన అనుమతులు ఏవైనా ఉంటే ఆ వివరాలు, పేజీల ఫైలు పంపగలరు. అట్ట బొమ్మ వాడుకోవడానికి అనుమతి ఇవ్వగలరా?"

స్పీడ్ పోస్టులో ఒకటి, మెయిల్లో ఒకటి. పదిహేను రోజుల్లో "మాకు అభ్యంతరం లేదు" అని సంతకంతో వచ్చింది. అట్ట బొమ్మ మాత్రం ఇవ్వలేదు. డబ్బిచ్చి వేయించుకున్నది వాళ్ళు కాబట్టి, వేరే ఒప్పందం లేకపోతే అది వాళ్ళదే, గొడవ పడలేం. ముందుమాట కూడా రాసినాయనదే, అందుకే ఆయన్ని విడిగా అడిగాం.

ఫైలు వచ్చింది గానీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు. యూనికోడ్‌లోకి మారిస్తే క్రావడులన్నీ ముందుకి దూకాయి, "గ్రామం" కాస్తా "్రగామం" అయి కూర్చుంది. పాత ఫైలునే ఉన్నదున్నట్టు అచ్చుకిస్తే ఈ బాధ లేదు, పాత తప్పులూ ఉంటాయి. ఈబుక్ కూడా కావాలంటే మాత్రం మార్చక తప్పదు, అప్పుడు ప్రూఫులు మొదటినుంచీ చదవాలి. మేము మార్చాం, ఆయన రోజుకి పది పేజీలు దిద్దుతున్నారు. ఒక్కటి మర్చిపోవద్దు: పాత ఐఎస్‌బీఎన్ పాత ప్రచురణకర్తది, కొత్తది మన పేరున తీసుకోవాలి. మన దేశంలో డబ్బు కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే చాలు.

అట్టకి సఖినేటిపల్లి రేవులో నేను తీసిన పంటు ఫోటో పెడదామన్నాను. "జనం కనపడట్లేదురా, ఉత్త రేకే కనిపిస్తోంది" అన్నారు చిన్నాన్న. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను, నరసాపురం వైపు నుంచి తీస్తాను.