డెమో వీడియో మీద ఏ రాత మేలు? సంతకం పెట్టే సేటు కోసం మూడు క్యాప్షన్లు

మిర్యాలగూడ రైసు మిల్లుల కోసం చేసిన ఒక సాఫ్ట్‌వేర్ డెమో వీడియో ఉందనుకుందాం. నిడివి రెండున్నర నిమిషాలు. వడ్ల లారీ కాంటా ఎక్కినప్పటి నుంచి బియ్యం గోదాముకు చేరేదాకా లెక్కంతా ఒకే చోట కనబడుతుంది. దాన్ని లింక్డ్‌ఇన్‌లో పెడుతున్నాం. మనకు కావాల్సింది కాంటా గదిలో కూర్చునే గుమస్తా కాదు, డబ్బు మంజూరు చేసే మనిషి. అంటే మిల్లు ఓనర్, లేదంటే రెండు మూడు మిల్లుల వ్యవహారం చూసే మేనేజర్. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఆయన ఫోన్‌లో ఒక పోస్టు ముందు ఆగడమే గొప్ప. మరి వీడియో పైన ఏం రాయాలి?

మొదటి రాత మనందరికీ అలవాటైనదే:

"మా సరికొత్త రైస్ మిల్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌ను మీ ముందుకు తెస్తున్నందుకు ఎంతో ఆనందంగా ఉంది! క్లౌడ్ ఆధారితం, వాడటం సులువు, రిపోర్టులన్నీ ఒక్క క్లిక్‌లో..."

రెండోది:

"కాంటా చిట్టీలో ఒక బరువు, గేటు రిజిస్టర్‌లో ఇంకో బరువు, ట్యాలీలో మూడోది. మీ గుమస్తా రాత్రి పదింటిదాకా వీటిని కలుపుతూనే ఉన్నాడా?"

మూడోది:

"సర్కారు వడ్లు 1,000 క్వింటాళ్లు దించుకున్నారు. బాయిల్డ్ అయితే 680 క్వింటాళ్ల బియ్యం ఇవ్వాలి. రెండు ఏసీకేలు పోయాయి, అంటే 580. మిగిలిన 100 ఏ దశలో ఉందో ఈ వీడియోలో చూడండి."

మొదటిదాన్ని తొందరగా పక్కన పెట్టేయొచ్చు. లింక్డ్‌ఇన్ ఫోన్‌లో క్యాప్షన్ మొత్తం చూపించదు. సుమారు మూడు వరుసలు చూపి, మిగతాది మడిచేస్తుంది. ఆ మూడు వరుసలూ అమ్మేవాడి ఆనందానికే ఖర్చయిపోతే కొనేవాడి సంగతి మడత కిందే ఉండిపోతుంది. అన్నట్టు, మొదటి నూటనలభై అక్షరాల్లో విషయం చెప్పమనే సలహా తెలుగుకు నేరుగా పనికిరాదు. "క్వింటాళ్లు" అన్న మాట మన కంటికి మూడక్షరాలే గానీ కంప్యూటర్ లెక్కలో పదకొండు. కాబట్టి అక్షరాలు లెక్కపెట్టడం మాని, పోస్టు పెట్టాక ఒక మామూలు ఫోన్‌లో తెరిచి ఎక్కడ తెగిందో చూసుకోవడమే నయం. మొదటి వాక్యం కింద ఖాళీ వరుస వదిలితే అది కూడా మూడింట్లో ఒకటి తినేస్తుంది.

అసలు పోటీ రెండోదానికీ మూడోదానికీ. రెండోది చదవగానే నచ్చుతుంది, మిల్లు వాతావరణం కళ్లకు కడుతుంది. కానీ అది గుమస్తా బాధ. సేటు దాన్ని చదివి, "అందుకే కదా జీతమిస్తున్నా" అనుకుని పైకి జరిపేసే అవకాశమే ఎక్కువ. మూడోది ఆయన నెత్తిమీదున్న బాకీ. సర్కారు ఇచ్చిన క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగివ్వాలి. ఏసీకే అంటే సర్కారుకు ఒక్కో లాటుగా అప్పజెప్పే 290 క్వింటాళ్ల బియ్యమని ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గడువు దాటితే నోటీసు ఆయన పేరుకే వస్తుంది, గుమస్తా పేరుకు కాదు. పైగా 1,000, 680, 580, 100 అన్న వరుసను ఆయన మనసులోనే సరిచూసుకుంటాడు. లెక్క సరిపోతే, ఈ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు మిల్లు పని తెలుసన్న నమ్మకం అక్కడే కుదురుతుంది. అందులో ఒక్క అంకె తప్పినా, ఉదాహరణకు పచ్చి బియ్యం రేటుతో బాయిల్డ్ లెక్క వేసినా, వీడియో ఎంత బాగున్నా దండగే.

అయితే ఇదే రాతను "మీరింకా ఎంత బాకీ ఉన్నారో చెప్పగలరా?" అని ప్రశ్నగా మారిస్తే చెడుతుంది. పదిమందిలో తనిఖీకి వచ్చినవాడు అడిగినట్టు ఉంటుంది. ఎవరి బాకీ అని అడగకుండా ఒక నమూనా మిల్లు లెక్క చూపడమే మర్యాద.

మూడోది చెల్లని చోట్లూ ఉన్నాయి. సర్కారు వడ్లు ముట్టకుండా ప్రైవేటు వ్యాపారమే చేసే మిల్లుకు ఈ బాకీ గొడవ లేదు, వాళ్లకు రెండోదే దగ్గర. అదే సాఫ్ట్‌వేర్‌ను మహబూబ్‌నగర్ వైపు జిన్నింగ్ మిల్లులకు చూపాలంటే 68 తీసేసి, క్వింటాలు పత్తికి ఎన్ని కిలోల దూది దిగిందన్న లెక్కతో మొదలుపెట్టాలి. ఒకే వీడియోకు రెండు క్యాప్షన్లు రాసి వేర్వేరు రోజుల్లో పెట్టడంలో తప్పు లేదు.

ఇక మడత కింద ఏముండాలి? మంజూరు చేసే మనిషి ఆ పోస్టును తన అకౌంటెంట్‌కు పంపి "ఇది చూడు" అంటాడు. కాబట్టి కింది భాగం అకౌంటెంట్ అడగబోయే వాటికి ముందే జవాబు కావాలి. నేనైతే ఇలా రాస్తాను:

"ఇప్పుడున్న ట్యాలీ తీసేయక్కర్లేదు, వోచర్లు అందులోకే వెళ్తాయి (వీడియోలో 1:10 దగ్గర). కాంటా బరువు చేత్తో కొట్టే పని లేదు, సీదా మెషిన్ నుంచే వస్తుంది (0:25). నెట్ పోతే కాంటా ఆగదు, వచ్చాక లెక్కలు కలుస్తాయి (1:50). ఒక కాంటాకు ఏడాదికి 42,480 రూపాయలు, జీఎస్టీ కలిపి."

అంకెలు నమూనాకే, పద్ధతి చూడండి. వీడియోలో నిజంగా చూపించని మాట ఒక్కటీ ఇందులో ఉండకూడదు. నెట్ పోయినప్పటి సంగతి చూపలేకపోతే ఆ వాక్యం తీసేయాల్సిందే.

ధర రాయాలా వద్దా అన్నదానిమీద అమ్మకాల వాళ్లు ఒప్పుకోరు. ముందు ఫోన్ చేయించుకుని తర్వాత చెప్దామంటారు. నా లెక్క వేరు. ధర లేని పోస్టును తీరిక లేని మనిషి "తర్వాత అడుగుదాం" అని వదిలేస్తాడు, ఆ తర్వాత అన్నది రాదు. రాసేటప్పుడు 36,000 అని పెట్టి పక్కన "పన్నులు అదనం" అనడం కూడా ఇక్కడ సరికాదు. మామూలు వ్యాపారికి ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. జీఎస్టీ పడని బియ్యం ఎక్కువగా అమ్మే మిల్లుకు అదంతా తిరిగి రాదు, చాలావరకు ఖర్చే. అందుకే మొత్తం అంకె చెప్పాలి.

వీడియో ఫీడ్‌లో శబ్దం లేకుండానే మొదలవుతుంది. కాబట్టి క్యాప్షన్‌లోని 1,000, 680, 580, 100 మొదటి ఐదారు సెకన్లలోనే తెరమీద పెద్ద అక్షరాల్లో కనబడాలి. పైన ఒక లెక్క చదివి, కింద కంపెనీ లోగో తిరుగుతూ కనిపిస్తే ఆయన వేలు ఆగదు.

చివరి వరుసలో చాలామంది "ఆసక్తి ఉంటే కామెంట్ చేయండి" అని రాస్తారు. బియ్యం బాకీ గురించిన పోస్టు కింద ఏ మిల్లర్ కామెంట్ పెట్టడు. పక్క మిల్లువాళ్లు చూస్తారు, అధికారులూ చూస్తారు. లైక్ కొట్టడానికి కూడా వెనకాడతాడు. అందుకని "మీ మిల్లు లెక్కతోనే డెమో చూడాలంటే మెసేజ్ పెట్టండి, పదిహేను నిమిషాలు చాలు" అని రాయడం మేలు. ఫలితం కూడా దాన్నిబట్టే చూడాలి. మొదటి రాతకు తోటి సాఫ్ట్‌వేర్ వాళ్ల లైకులు, అభినందనలు బోలెడు రావచ్చు. మూడోదానికి లైకులు పది దాటకపోవచ్చు. వారం తర్వాత ఇన్‌బాక్స్‌లో మిల్లుల నుంచి వచ్చిన మెసేజ్‌లు ఎన్ని, వాటిలో ధర మళ్లీ అడగనివి ఎన్ని అని చూస్తే ఏ రాత పనిచేసిందో తేలిపోతుంది.