స్వాగత మెయిల్: ఒకటే పొడవుగానా, రెండుగా విడదీసా?

కొత్త ఉద్యోగి చేరేముందు టీమ్ లీడ్ రాసే మెయిల్‌లో రెండు రకాల సంగతులుంటాయి. ఎన్నింటికి, ఎక్కడికి, ఏం పట్టుకుని రావాలన్నది ఒకటి. పనిలో ఏం ఆశిస్తున్నామన్నది రెండోది. రెండూ ఒకే మెయిల్‌లో పెట్టాలా, విడదీయాలా?

నేను చాలాకాలం ఒకే మెయిల్ రాశాను. అన్నీ ఒకచోట ఉంటే వెతుక్కోనక్కరలేదు కదా అనుకున్నాను. ఒకసారి పదిన్నరకు రమ్మన్న మాట నాలుగో పేరాలో, మీటింగుల పద్ధతికీ జట్టు పరిచయానికీ మధ్య పడింది. వచ్చిన కుర్రాడు నియామక పత్రంలో చూసిన తొమ్మిదికే వచ్చాడు. గుర్తింపు కార్డు అసలుది కావాలన్న వాక్యం కూడా అతని కంట పడలేదు. ఫోనులో ఫొటో చూపిస్తే సెక్యూరిటీవారు లోపలికి పంపలేదు. నేను వెళ్లేసరికి గంటన్నర గడిచింది. తప్పు అతనిదని అప్పట్లో అనుకున్నాను, ఇప్పుడు అనుకోను.

విడదీసినప్పుడు ఏది ముందు పంపాలన్నదే అసలు కిటుకు. పని గురించిన మెయిల్ వారం ముందే పంపుతాను, సందేహాలుంటే అడగడానికి వ్యవధి ఉంటుంది. ‘చురుగ్గా నేర్చుకోవాలి’ లాంటి మాటలు భయపెట్టడానికి తప్ప పనికిరావు. ఇలా రాస్తాను: ‘మొదటి వారం మీ పేరున పనేమీ ఉండదు. రెండో వారంలో ఒక చిన్న లోపాన్ని సరిచేస్తారు, పక్కన మా వాళ్లొకరు ఉంటారు. నెలాఖరుకు ఒక పని మొదటినుంచి చివరిదాకా మీరే చూసుకుంటే చాలు. ముందుగా చదివి రావలసిందేమీ లేదు.’

రెండో మెయిల్‌ను, ఉద్యోగంలో చేరే రోజుకు రెండు పనిదినాల ముందు పంపుతాను. గేటు దగ్గర ఫోను తీయగానే పైన కనిపించేది అదే కావాలి: ‘సోమవారం ఉదయం 10:30కి రండి. నియామక పత్రంలోని తొమ్మిది గంటలు రెండో రోజు నుంచి. గుర్తింపు కార్డు అసలుది తెండి. రిసెప్షన్‌లో నా పేరు చెప్పండి. ల్యాప్‌టాప్ మేమే ఇస్తాం. నా నంబరు కింద ఉంది.’ ఇంతే, ఫోను తెర దాటకూడదు.

రెండు మెయిళ్లూ వెళ్లవలసింది అభ్యర్థి సొంత చిరునామాకు. ఆఫీసు చిరునామా ముందే తయారై ఉన్నా, లాగిన్ వివరాలు చేతికొచ్చేది సాధారణంగా చేరిన రోజునే. ఆఫీసు లోపలి పేజీల లింకులూ అంతే, అతనికి తెరుచుకోవు.

ఒకే మెయిల్ మేలనిపించే సందర్భమూ ఉంది. ఎల్లుండే చేరుతున్నవారికి రెండు పంపితే గందరగోళమే. అప్పుడు కూడా సమయం, చోటు, కార్డు మొదటి మూడు వరుసల్లో ఉండాలి, ఆ కింద పని సంగతులు నాలుగు వాక్యాలు చాలు. జట్టు పరిచయం కాగితం మీద ఎందుకు, వచ్చాక ఎలాగూ ఎదురుగానే కూర్చుంటారు.