ఒక్క కోణంతో భుజాల లెక్క: అంతర కోణ సూత్రమా, బాహ్య కోణమా?

క్రమ బహుభుజిలో ఒక్కో అంతర కోణం 156° అని ఇచ్చి, భుజాలెన్నో చెప్పమన్నారనుకుందాం. రెండు దారులున్నాయి.

మొదటిది అందరికీ అలవాటైన సూత్రం: (n − 2) × 180 / n = 156. అడ్డగుణకారం చేస్తే 180n − 360 = 156n. n ఉన్న పదాలను ఒకవైపుకి తెస్తే 24n = 360, అంటే n = 15. రెండో దారిలో ముందు బాహ్య కోణం కనుక్కుంటాం: 180 − 156 = 24. బాహ్య కోణాలన్నీ కలిపితే ఎప్పుడూ 360° కాబట్టి 360 ÷ 24 = 15.

మొదటి దారిలో చివరికి తేలిన 24 కూడా ఈ బాహ్య కోణమే. రెండో దారి అక్కడికి ఒక్క తీసివేతతో చేరుకుంటుంది, అందుకే నా ఓటు దానికే. పైగా సూత్రంతో చేసేటప్పుడు (n − 2) చుట్టూ బ్రాకెట్ మరచి 180n − 2 అని రాసేస్తుంటారు. అప్పుడు 24n = 2 వస్తుంది, జవాబు ఒకటి కన్నా తక్కువ.

రెండో దారిలో జరిగే తప్పులు వేరు. 180 నుంచి తీయకుండా నేరుగా 360 ÷ 156 చేస్తే 2.3 వస్తుంది. మూడు కన్నా తక్కువ భుజాలతో బహుభుజి ఉండదు కాబట్టి ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. శీర్షం బయట మిగిలిన 204°ని బాహ్య కోణం అనుకోవడం ఇంకో పొరపాటు. ఒక భుజాన్ని ముందుకు పొడిగిస్తే, ఆ పొడిగింపుకీ పక్క భుజానికీ మధ్య ఏర్పడే 24° మాత్రమే బాహ్య కోణం.

అసలు చిక్కు 120° దగ్గర. అది అంతర కోణమైతే షడ్భుజి, బాహ్య కోణమైతే త్రిభుజం. రెండూ పూర్ణసంఖ్యలే కాబట్టి జవాబు చూసి తప్పు పట్టలేం. 60° దగ్గరా ఇదే తంటా, జవాబులు తారుమారవుతాయంతే. 90° అయితే ఎటు తీసుకున్నా చతురస్రమే. ఇలా రెండు విధాలా కుదిరే కోణాలు ఈ మూడే, కాబట్టి ఇవి కనిపిస్తే ప్రశ్నలో ఏ కోణం అన్నారో మళ్లీ చదవాలి.

కోణమానినితో కొలిచిన కోణమైతే ఇంకో జాగ్రత్త కావాలి. 170° అయితే 36 భుజాలు. అదే కోణాన్ని ఒక్క డిగ్రీ ఎక్కువగా, 171° అని చదివితే 40. రెండూ నమ్మబుద్ధేసే జవాబులే. 169° అని చదివితే 32.7 వస్తుంది కాబట్టి కొలత తప్పిందని తెలుస్తుంది. భుజాలు పెరిగేకొద్దీ బాహ్య కోణం చిన్నదవుతుంది, దాంతో చిన్న పొరపాటే పెద్ద తేడాగా మారుతుంది. ఇది దారి మార్చినంత మాత్రాన పోయే ఇబ్బంది కాదు.

ఒక్క కోణం కాకుండా అంతర కోణాల మొత్తం ఇస్తే మాత్రం సూత్రమే దగ్గరి దారి. మొత్తం 1980° అయితే 1980 ÷ 180 = 11, దానికి 2 కలిపితే 13 భుజాలు. భుజాల సంఖ్యే తెలియనప్పుడు ఆ మొత్తం నుంచి బాహ్య కోణం నేరుగా రాదు.