తరంగం వీడియోకి రెండు శీర్షికలు: ఏది దొరుకుతుంది?

మొదటిది: "కృష్ణుడిపై అద్భుత నాట్యం, తప్పక చూడండి". రెండోది: "కూచిపూడి తరంగం – బాలగోపాల మాముద్ధర – కృష్ణాష్టమి 2024", ఆ తర్వాత నర్తకి పేరు.

మొదటిది నర్తకి బంధువులకు చాలు. లింకు వాళ్లకి ఎలాగూ వెళ్తుంది. కానీ ఇదే అంశం నేర్చుకుంటున్న విద్యార్థి "అద్భుత" అని ఎందుకు వెతుకుతుంది? ఆమె టైప్ చేసేది పాట మొదటి మాటలు. "తరంగం" ఒక్కటే రాసినా చాలదు, అది రచనా ప్రక్రియ పేరు. నారాయణ తీర్థుల తరంగాలు చాలా ఉన్నాయి. అందుకే పల్లవి మాటలు శీర్షికలోనే ఉండాలి. రాగం మోహన, తాళం ఆది అన్నవి వివరణలోకి వెళ్తే సరిపోతుంది.

రెండో పద్ధతిలో శీర్షిక పొడవవుతుంది, ఫోన్‌లో చివర తెగిపోతుంది. కాబట్టి నాట్యరీతి, అంశం ముందు పెట్టి, తెగినా నష్టం లేనివి వెనక్కి నెట్టాలి.

కళాకారుల పేర్లు వీడియో చివర తెరమీద వేసి వదిలేస్తే సాధారణంగా వెతుకులాటకు అందవు. నట్టువాంగం, గాత్రం, మృదంగం, నృత్య రూపకల్పన అంటూ ఎవరి పని పక్కన వాళ్ల పేరు వివరణలో టైప్ చేయాలి. మృదంగ విద్వాంసుడి పేరు లేకపోవడం నాకు నిజంగా బాధ. Kuchipudi, Tarangam అన్న ఇంగ్లీషు అక్షరాల రూపాలూ అక్కడే చేర్చండి.

సరిచూసుకోవాలంటే నర్తకి పేరు లేకుండా వెతికి చూడండి.