బావమరిది బంధువు కాడట! కంపెనీ వాటాలు కొనేవాళ్లూ, జాగ్రత్త

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల ఆఫీసులకు ఆంధ్రా భోజనం పంపే ఆ ప్రైవేట్ లిమిటెడ్ ఏదో ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి తెలుసు. పేరు రాయను, రాస్తే నోటీసు ముందు నాకే వస్తుంది. మళ్లీ వాటాలు అమ్ముతున్నారట, "మనవాళ్లకే ఇస్తున్నాం" అంటూ. అందుకే ఈ హడావిడి.

నాది 4 శాతం వాటా. మొన్న వాటాదార్ల వార్షిక సమావేశం, ఏజీఎంలో లెక్కలు చేతికిచ్చారు. అమ్మకాలు పెరిగాయి, లాభం మాత్రం సగానికి పడిపోయింది. కారణం వెతికితే అద్దె పద్దులో దొరికింది. కొత్త కిచెన్ షెడ్డుకు నెలకు 3.6 లక్షలు కడుతున్నారు. పక్కనే అదే సైజు షెడ్డుకి టు-లెట్ బోర్డు వేలాడుతోంది, ఫోన్ చేస్తే 2.2 లక్షలన్నారు. అంటే ఏడాదికి 16.8 లక్షలు ఊరికే పోతున్నాయి. ఓనర్ ఎవరని అడిగి లీజు కాగితం తెప్పించా. డైరెక్టర్ గారి బావమరిది! గృహప్రవేశంలో మాకు దగ్గరుండి వడ్డించిన మనిషే.

రిపోర్టులో మాత్రం సంబంధిత వ్యక్తులతో లావాదేవీలు "లేవు" అని ఉంది. ఇదేంటన్నా అని డైరెక్టర్‌నే అడిగా. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, అందరికీ వినబడేలా అన్నాడు: "చట్టం చదువుకుని రా తమ్ముడూ. బావమరిది బంధువు కాదు. అయినా 4 శాతంతో ఏం చేస్తావు?" గదిలో నవ్వులు. నాతోపాటు వాటా కొన్నవాళ్లు కూడా నవ్వారు. అదే ఇంకా మంటగా ఉంది.

సరే, చదువుకున్నా. తెలిసిన లాయరు గారిని కూర్చోబెట్టి మరీ.

మొదటి ముక్కలో ఆయన అన్నది నిజమే. 2013 కంపెనీల చట్టం ప్రకారం బంధువులంటే భార్యాభర్తలు, ఉమ్మడి కుటుంబ సభ్యులు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అంతే. బావమరిది, వియ్యంకుడు, మేనల్లుడు ఆ జాబితాలో లేరు. మన ఇళ్లలో వ్యాపారాలు నడిచేదే వాళ్ల పేర్ల మీద! అందుకే సంబంధిత వ్యక్తులతో ఒప్పందాలను పట్టుకునే 188వ సెక్షన్‌కి ఈ లీజు చిక్కలేదు.

కానీ అన్నగారు ఆ పేజీ దగ్గరే ఆపేసినట్టున్నాడు. 166వ సెక్షన్ వేరే మాట చెబుతుంది. కంపెనీ ప్రయోజనానికి అడ్డొచ్చే సొంత ప్రయోజనం, నేరుగా గానీ పరోక్షంగా గానీ, ఉన్న వ్యవహారంలో డైరెక్టర్ తలదూర్చకూడదు. తనకు గానీ, బంధువులకు, భాగస్వాములకు, సన్నిహిత సహచరులకు గానీ అనుచిత లాభం చేకూర్చకూడదు. చేకూర్చినట్టు తేలితే అంత మొత్తమూ కంపెనీకి తిరిగి కట్టాలి. పైన జరిమానా లక్ష నుంచి 5 లక్షలు. జరిమానా ఒక్కటే చూస్తే అన్నగారికి అది నాలుగు నెలల అదనపు అద్దె కూడా కాదు, పాపం.

పరోక్ష ప్రయోజనం ఉందని చూపించడం ఎలా? కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో, ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీయించా. లీజుకు కొద్ది నెలల ముందు దాకా అది డైరెక్టర్ గారి భార్య పేరు మీదే ఉంది. తర్వాత తమ్ముడికి గిఫ్ట్ డీడ్. అక్కకు తమ్ముడి మీద ప్రేమ ఎప్పుడు పొంగిందో చూశారా! ఇదొక్కటే రుజువైపోదు, అద్దె డబ్బు చివరికి ఎవరికి చేరుతోందో కూడా చూపించాలని లాయరు గారు హెచ్చరించారు. మార్కెట్ అద్దె మీద వాల్యుయేషన్ రిపోర్టు కూడా కావాలన్నారు. అన్నీ చూపించి గెలిచినా డబ్బు చేరేది కంపెనీకి, నా జేబుకి కాదు. నా 4 శాతానికి లెక్కేస్తే ఏడాదికి 67 వేలు. లాయరు ఫీజు అంతకంటే ఎక్కువే.

ఇక ఆయన రెండో ముక్క, "4 శాతంతో ఏం చేస్తావు" అన్నది. వాటాదార్లకు అన్యాయం జరుగుతోందని 241వ సెక్షన్ కింద కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలంటే 10 శాతం వాటా ఉండాలని అందరూ అనుకుంటారు. 244లో ఇంకో దారి కూడా ఉంది. 100 మంది సభ్యులు లేదా మొత్తం సభ్యుల్లో పదోవంతు, ఏది తక్కువైతే అంతమంది చాలు. మా కంపెనీలో సభ్యులు 14 మంది. పదోవంతంటే 1.4, అంటే ఇద్దరు. నేనొకణ్ణి ఉన్నా.

కొనేవాళ్లకి ఒక్కమాట. సంతకానికి ముందే కంపెనీ కట్టే అద్దెలు, పెద్ద సరఫరాదారుల పేర్లు అడగండి, స్థలాలకు ఈసీ తీయించండి. షేర్‌హోల్డర్ల అగ్రిమెంట్‌లో బంధువు అంటే బావమరిది, వియ్యంకుడు కూడా అని పేరుపేరునా రాయించుకోండి. రాయనంటే కొనకండి.

ఆ రోజు గదిలో నవ్వినవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే మెసేజ్ పెట్టండి. కావలసింది ఒక్కరే.